తంబాకు తాగుడు కాదనుకున్నోడు

సిరిసిల్లల సాంచెల చప్పుడు నడుమ పుట్టి పెరిగినోళ్లకు గుసగుసలాడుడు చేతగాదు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటరు. పగలనక రాత్రనక షెడ్డుల అవి కొట్టుకుంటనే ఉంటయ్. ఆ చప్పుడుల పని చేసి ఇంటికొచ్చినోడు పెండ్లాం చెవుల చెప్పే ముచ్చట గూడ వాడకట్టంత వింటది. ఎవరింట్ల ఎవరు అలిగిన్రు, ఎవరు కలిసిన్రు అన్నది ఎవరూ ఎవర్నీ అడగనక్కర లేదు.

పరశురాములు ఇంటి నుంచి మాత్రం ఏ ముచ్చటా బయటికి రాకపోయేది. వాడకట్టోళ్లు దాన్ని మర్యాద అనుకున్నరు. ‘బుద్ధిమంతుడు, పెండ్లాన్ని పల్లెత్తు మాట అనడు’ అన్నరు. అనేటందుకు ఆ ఇంట్ల మాటలే మిగలలేదని ఎవరికి తెలుసు?

మీసం మొలవక ముందే సాంచెల మీదికి పోయిండు పరశురాములు. షెడ్డుల అగ్గిపుల్ల గీకొద్దు. దూది నూగు గాలిల మంచు లెక్క తేలుతుంటది, ఒక్క నిప్పురవ్వ పడ్డదంటే గుడ్డా పోతది, గుడ్డ నేసేటోడూ పోతడు. అందుకే బయట ఎంత బీడీ తాగెటోడైనా షెడ్డుల అడుగుపెడితే తంబాకు మీదికి దిగాల్సిందే. అరచేతుల ఇంత తంబాకు, దాని మీద ఇంత సున్నం, బొటనవేలుతోని నలిపి కింది పెదవి వెనుక దోపుకుంటే చేతులు ఖాళీగ ఉంటయ్. దారం తెగితే ముడేసుకోవచ్చు. నిద్ర కండ్ల మీదికి రాదు. పరశురాములు బీడీ ముట్టనే ముట్టలేదు. తంబాకు మాత్రం నోట్ల లేని గడియ లేదు. తిండికి తీసెటోడు, తిన్నంక పెట్టెటోడు. పండుకున్నప్పుడు గూడ పెదవి కింద ఉండేది.

షెడ్డు దిగినంక సారా. చెవులల్ల సాంచెలు ఆగాలంటే అది పడాల్సిందే అని పెద్దోళ్లు చెప్పిన్రు. ఒకసారి పడితే సాంచెలే కాదు, అన్నీ ఆగుతయ్. ఆ సంగతి మాత్రం వాళ్లు చెప్పలే.

కోరుట్ల నుంచి ఊర్మిలను చేసుకున్నడు. బీడీలు చేసే ఇంటి పిల్ల. ఒళ్లె చాట పెట్టుకొని కూసుంటే ఆ వేళ్లు తునికాకును కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు కండ్లకు అందకపోయేది. మాట గూడ అంతే. మొదటి ఏడు ఇద్దరు బాగనే ఉన్నరు. ఆమె నవ్వితే ఈయన సిగ్గుపడుడు, ఈయన సిగ్గుపడ్డందుకు ఆమె ఇంకింత నవ్వుడు.

రెండో ఏడు ఒకనాడు ఒళ్లు మాట వినలే. తాగి ఉన్నడు, అలిసి ఉన్నడు, పోనీ అనుకున్నరు. మళ్లొకనాడు గూడ వినలే. కొన్నాళ్లు సగం విన్నది, నడుమల వదిలేసింది. ఆ తర్వాత సగం గూడ లేదు. పరశురాములు గోడ దిక్కు తిరిగి పండుకునుడు నేర్చుకున్నడు.

ఊర్మిల ఎత్తిపొడవలే. ఒక పొద్దుగాల ఛాయ్ గ్లాసు చేతికిస్తూ అన్నది. “ఇగో, ఒక మాట చెప్పనా? కోపం చెయ్యకు.”

“చెప్పు.”

“ఆ తంబాకు జర తియ్యరాదు? చాటల కలుపుతుంటే దాని పొడి ముక్కుల పడితెనే మాకు తల తిరుగుతది, వాంతికొస్తది. నువ్వు నోట్లె పెట్టుకొనే పండుకుంటవ్. రాత్రేమో సారా. ఇంక ఒళ్లు లేవమంటే ఎట్ల లేస్తది?”

ఆ ‘లేవమంటే’ అన్న మాట దగ్గర పరశురాములు గ్లాసు కింద పెట్టిండు. “బీడీలు చేసేటోళ్లు గూడ డాక్టర్లయిన్రు,” అన్నడు. అదే మొదలు, అదే ఆఖరు. ఆమె మళ్ల ఆ ముచ్చట ఎత్తలే.

ఇంట్ల ఇంకో మనిషి ఉంది, పరశురాములు తల్లి లసుమవ్వ. ఆమెకు మనుమడు కావాలె. ఏడు గడిచింది, రెండు గడిచినయ్, కోడలి కడుపు దిక్కు చూసుడు మొదలుపెట్టింది. వేములవాడకు తీస్కపోయింది, కొండగట్టుకు తీస్కపోయింది, తాయెత్తు కట్టించింది, ఉపాసాలు పెట్టించింది. ఊర్మిల అన్నిటికీ పోయింది. కొడుకును ఎక్కడికీ తీస్కపోలే. మొగోనికి తాయెత్తెందుకు?

“గొడ్డుమోతుదాన్ని తెచ్చి ఇంట్ల కట్టేసుకున్నం,” అని ఒకనాడు వాకిట్ల నిలబడి అన్నది లసుమవ్వ. అది మాత్రం వాడకట్టంత విన్నది. పరశురాములు లోపలనే ఉన్నడు. నోట్ల తంబాకు ఊట నిండి ఉన్నది, మాట్లాడుదామంటే ఉమ్మాలె, ఉమ్మాలంటే తల్లిని దాటి బయటికి పోవాలె. మింగిండు. ఎక్కిళ్లు వచ్చినయ్.

అవి నక్సలైట్ అన్నలు రాజ్యమేలుతున్న రోజులు. పొద్దున పోలీసులు, పొద్దుగూకితే అన్నలు. ఒకనాడు షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాల పోస్టరు పడ్డది. సారా అమ్మినోడికి, తాగినోడికి శిక్ష తప్పదని. సారా దుకాణమోడు తాళం చెవి గుంజకు తగిలేసి అత్తగారింటికి పోయిండు. ఆడోళ్లు సంబురపడ్డరు. మొగోళ్లు కొన్నాళ్లు దయ్యం పట్టినోళ్ల లెక్క తిరిగి, తర్వాత మెల్లగ కల్లు దుకాణం దిక్కు మళ్లిన్రు. కల్లును ఎవ్వరూ తాగుడు అనకపోయేది. కల్లు కల్లే. పండుగకు పిల్లల నోట్ల గూడ చుక్క పోస్తరు, అది తాగుడెట్ల అయితది?

“నా కొడుకు తాగుడు బంద్ చేసిండు,” అని లసుమవ్వ చెప్పుకున్నది. పరశురాములు గూడ ఆ మాటనే నమ్మిండు. రోజు రెండు మూడు సీసల కల్లు తాగి, నేను తాగుతలేనని నిజాయితీగ నమ్మిండు. ఆ కల్లు ఏ తాటిచెట్టూ ఎరగని కల్లు. మత్తుకు అందుల ఏం కలుపుతరో కలిపెటోనికే తెలుసు.

ఇంతట్లనే కులపెద్ద బుచ్చయ్యతోని లసుమవ్వ ఒక మాట అన్నది. కోడలిని పుట్టింటికి తోలి కొడుక్కు ఇంకో పెండ్లి చేస్తనని. తంగళ్ళపల్లిల నీల అనే పిల్లను చూసి గూడ పెట్టింది. అది విన్నంక పరశురాములుకు ఒకటే ఆలోచన. ఇంకో పిల్ల వస్తే ఆమెకేం చెప్పాలె? అప్పుడు డాక్టరు యాదికొచ్చిండు.

సిరిసిల్లల చూపించుకుంటే షెడ్డుకు తెలుస్తది. కోరుట్లల చూపించుకుంటే అత్తగారికి తెలుస్తది. అందుకని జగిత్యాల పోయిండు, సాంచె సామాను తెస్తనని చెప్పి. అక్కడ డాక్టర్ దేవదాసు అని నెత్తి నెరిసిన మనిషి, మూడు బెంచీల దవాఖాన. పరశురాములు అందరూ పోయిందాక కూసుండి ఆఖరుకు లోపలికి పోయిండు. ఊరడిగితే సిరిసిల్లన్నడు. కడుపు నొప్పన్నడు. నడుము నొప్పన్నడు. డాక్టరు చెవుల గొట్టం తీసి టేబుల్ మీద పెట్టిండు.

“నాయినా, కడుపు నొప్పికి సిరిసిల్ల నుంచి ఎవడూ నా దగ్గరికి రాడు. ఏందో చెప్పు.”

చెప్పిండు. నేల దిక్కు చూసుకుంట చెప్పిండు. డాక్టరు నవ్వలే. బీపీ చూసిండు, మూత్రంల చక్కెర చూపించిండు, కాళ్ల మీద వేళ్లు పెట్టి నాడి చూసిండు.

“పొద్దున నిద్ర లేచేటప్పుడు గట్టిపడుతదా?”

“ముందు అయ్యేది సార్. ఇప్పుడు లేదు.”

“అప్పుడు గూడ లేకుంటే మనసు కంటే ఒళ్లు దిక్కే చూడాలె. పొగ తాగుతవా? బీడీ, సిగరెట్టు?”

“లేదు సార్. ఎన్నడూ తాగలే.”

“మందు?”

“తాగేది సార్. సారా బంద్ చేసిన. అన్నల దయ.”

డాక్టరు కిటికీ దిక్కు చూసి, అన్నల మాట వినబడనట్టు కాయితం మీద రాసుకున్నడు. “పొగ లేదు, మందు బంద్. షుగర్ లేదు. మంచిది. మందు బంద్ చేస్తే కొందరికి నెలలల్లనే తిరిగొస్తది. మంచిగ తిను, నిద్రపో, మూడు నెలలకు రా.”

పరశురాములు మెట్లు దిగి, అంతసేపు నోట్లె లేని తంబాకును నలిపి పెదవి కింద పెట్టుకున్నడు. అబద్ధం ఆడిననన్న ఆలోచన ఆయనకు రాలే. ఆడలే గూడ. పొగ తాగుతవా అంటే లేదన్నడు. తంబాకులకెల్లి పొగ ఎక్కడొస్తది?

మూడు నెలలు ఎదురుచూసిండు. ఒళ్లు మారలే. లసుమవ్వ ఆగలే.

కులసంఘం ఇంట్ల చాప పరిచిన్రు. బుచ్చయ్య నడుమల, ఇటు లసుమవ్వ, అటు కోరుట్ల నుంచి వచ్చిన ఊర్మిల అన్న. ఊర్మిల గుమ్మం పక్క నిలబడ్డది. తెల్లారకముందు ఇంట్ల ఆమె పరశురాములు చెయ్యి పట్టుకున్నది, ఎన్నో నెలలకు. “నన్ను ఉంచుకోకున్నా మంచిదే. ఉన్నది ఉన్నట్టు చెప్పు. గొడ్రాలని పేరు పెట్టి తోలకున్రి. అది ఒక్కటే అడుగుతున్న,” అన్నది. పరశురాములు తల ఊపిండు.

బుచ్చయ్య గొంతు సవరించుకున్నడు. “బిడ్డా, ఇన్నేండ్లాయె. సంతానం లేదాయె. నీకేమన్న చెప్పేదుందా?”

“నాకేముంటది మామా,” అన్నది ఊర్మిల. “మా నడుమ కాపురమే లేకపోతే పిల్లలెట్ల అయితరు? ఆయననే అడుగున్రి.”

చాప మీద మనుషులంతా ఒక్కపారి పరశురాములు దిక్కు తిరిగిన్రు. ఆయన పెదవి కింద అప్పుడే పెట్టిన తంబాకు. భయమైనప్పుడు రోజుటికంటే ఎక్కువ పెడతడు. ఊట నోటినిండ వచ్చింది. నోరు తెరిస్తే చాప మీద పడతది. చెయ్యి ఎత్తి, ఆగున్రి అన్నట్టు చూపించి, లేచి బయటికి పోయిండు. మురికినీళ్ల మోరీల ఉమ్మిండు. నోరు కడుక్కున్నడు. లోపలికి రావాలె. రాలే. ఇంకోసారి కడుక్కున్నడు. గోడకు ఒరిగి నిలబడ్డడు. లోపల లసుమవ్వ గొంతు వినబడుతనే ఉన్నది. “నా కొడుకు మీద ఎంత మాటన్నది, విన్నరా? సిగ్గుతోని బయటికి పోయిండు పాపం!”

ఆయన లోపలికి వచ్చేసరికి తెగదెంపులైపోయినయ్. ఊర్మిల అన్న సంచి పట్టుకున్నడు. ఊర్మిల పోతా పోతా పరశురాములు ముంగట ఒక్క గడియ ఆగింది. ఆయన నోరు ఖాళీగనే ఉన్నది ఇప్పుడు. కడిగిన నోరు. ఆమె ఆ తడి మూతి దిక్కు చూసి, చెప్పులేసుకొని పోయింది.

మళ్ల జగిత్యాల పోయిండు. ఈసారి డాక్టర్ ఆయన చేతులు చూసిండు. ఎడమ అరచెయ్యి నడుమ, కుడి బొటనవేలు మీద సున్నం తెల్లగ ఆరిపోయి ఉన్నది.

“ఇదేందిది?”

“తంబాకు నలిపినది సార్.”

డాక్టరు కండ్లద్దాలు తీసిండు. “పొగ తాగనన్నవ్ గదా నాయినా.”

“తాగ సార్. ఇది పొగ కాదు గదా, నోట్లె పెట్టుకుంటం.”

“రోజుకు ఎంతసేపు?”

“తీసేది తక్కువ సార్.”

“కల్లు?”

“కల్లు తాగుత సార్. తాగుడు కాదు, కల్లే.”

డాక్టరు లేచిండు. తలుపు దగ్గరికేసి వచ్చి కూసున్నడు. “తప్పు నాది గూడ ఉన్నది. పొగ అని అడిగిన, తంబాకు అని అడగలే. విను. ఆ భాగంల ఎముక లేదు. అది లేచుడంటే నెత్తురు నిండుడు. మెదడు నరాలతోని కబురు పంపాలె, నెత్తురు గొట్టాలు పెద్దగ తెరుచుకోవాలె, వచ్చిన నెత్తురు లోపల ఆగాలె. తంబాకుల నికోటిన్ అని ఉంటది. అది ఆ సన్న గొట్టాలను బిగబడతది. పొగతోని పోయినా, చిగుళ్ల నుంచి ఇంకినా నెత్తురుల కలిసేది అదే. ఏండ్లకేండ్లు పోతే గొట్టాల లోపలి పొర చెడిపోతది, సాగాల్సినప్పుడు సాగదు. పొగ తాగెటోనికి ఇంకా ఎక్కువ దెబ్బ అనుకో. అట్లని నీది తక్కువ కాదు, నువ్వు నిద్రల గూడ పెట్టుకుంటివి.”

“మరి కల్లు సార్?”

“సారా అయితేంది, కల్లయితేంది? మత్తు మెదడును మొద్దుబారుస్తది. కబురే పోదు. ఎక్కువ, ఏండ్ల తరబడి తాగితే మొగోని ఒంట్ల ఊరే హార్మోను తగ్గుతది, కాలేయం చెడుతది, నరాలే ఎండుతయ్. అరికాళ్లు తిమ్మిరెక్కుతయా?”

“ఎప్పుడన్న సార్.”

“మొదలైందన్నట్టు.”

“బంద్ చేస్తే వస్తదా సార్?” అని అడిగిండు పరశురాములు. ఇన్నేండ్లల గట్టిగ అడిగిన మొదటి మాట అదే.

“నీకు ముప్పై దాటి ఎక్కువ కాలే. షుగర్ లేదు, కాళ్లల్ల నాడి బాగనే కొట్టుకుంటున్నది. చాలమందికి వస్తది. కొన్ని వారాలకు మొదలై, నెలలల్ల తేరుకుంటది. కని మాటియ్యను. ఎంత చెడ్డదో బంద్ చేసి చూస్తెనే తెలుస్తది. సగం బంద్ చేస్తే సగం రాదు, అసలే రాదు. ఇంకోటి, కల్లు ఒక్క దెబ్బకు వదిలితే చేతులు వణుకుతయ్, ఫిట్స్ రావచ్చు, పిచ్చి చూపులు పడతయ్. గోళీలిస్త, మెల్లమెల్లగ తగ్గించు, వారం వారం నాకు కనబడు. నరాల బలహీనత అని లాడ్జీలల్ల కూసుండే డాక్టర్ల దగ్గరికి పోయి లేహ్యాలు నాకకు.”

బయటికి వచ్చి నోట్లె ఉన్నది మోరీల ఉమ్మేసి, పొట్లం గూడ పారేసి బస్సెక్కిండు. మల్యాల దాటినంక పోలీసులు బస్సు ఆపిన్రు. వయసు మొగోళ్లను దింపి వరుసగ నిలబెట్టిన్రు. తుపాకి పట్టుకున్న జవాను పరశురాములు ముంగట ఆగిండు.

“యాడికెళ్లి?”

“జగిత్యాల నుంచి సార్. సిరిసిల్ల పోతున్న.”

“ఏం పని?”

“దవాఖాన సార్.”

“సిరిసిల్లల దవాఖాన లేదారా? ఎవనికి కబురు మోసినవ్? ఏ దళం?”

అట్ల దింపిన మనుషులు కొందరు మళ్ల బస్సెక్కలేదని అందరికీ తెలుసు. “రోగముంది సార్.”

“ఏం రోగం?”

చెప్పిండు.

“గట్టిగ చెప్పుర, వినబడలే!”

సాంచెల చప్పుడుల అలవాటైన గొంతు అది. ఒక్కసారి తెరిస్తే ఆగలే. “నాకు లేస్తలేదు సార్! పెండ్లాంతోని కాపురం చేసుడు చేతనైతలేదు సార్! తంబాకుతోని, కల్లుతోని పోయింది సార్!”

బస్సు కిటికీలల్లకెల్లి తలలు బయటికొచ్చినయ్. జవాను ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్విండు. వెనుక ఉన్న సార్ గూడ నవ్విండు. “పోనియ్యిరా, వీనితోని ఏ విప్లవమైతది!” అన్నడు. బస్సుల మనుషులు జాగా ఇచ్చిన్రు. ఒక ముసలవ్వ అరటిపండు ఇచ్చింది, తిను కొడుకా బలముంటది అని. సిరిసిల్ల వచ్చేదాక ఒక్కరన్న నవ్వు ఆపుకోలే.

పరశురాములు మాత్రం కిటికీకి తల ఆనిచ్చి ఒకటే అనుకున్నడు. ఈ మాట చాప మీద ఎందుకు రాలే? తుపాకి లేకనా? ఊర్మిల అడిగింది గూడ గింతే గదా.

వదులుడు తేలిక కాలే. చేతులు వణికినయ్, దారం ముడి పడకపోయేది, కోపం ముక్కు మీదనే ఉండేది. పక్క సాంచెల మీద పని చేసే మొగిలయ్య కాక సంగతి పసిగట్టిండు. యాభై దాటిన మనిషి. బీడీ, తంబాకు, సారా, కల్లు, ఆయన వదిలింది ఏదీ లేదు. నాలుగడుగులు ఏస్తే పిక్కలు పట్టుకొని కూసుండెటోడు, ఆగితే నొప్పి తగ్గేది.

“ఏందిరా పరశా, నోట్లె సోంపు నములుతున్నవ్? అమ్మాయివైనవా?”

పరశురాములు చెప్పిండు. బస్సంత విన్నంక ఇంకా దాచేదేముంది? వాడకట్టోళ్లు మాత్రం దాన్ని పోలీసుల నుంచి తప్పించుకునేటందుకు ఆడిన అబద్ధమనుకున్నరు. మొగిలయ్య నవ్వుతడనుకున్నడు. ఆయన అటూ ఇటూ చూసి, “నన్ను గూడ తీస్కపోరాదు,” అన్నడు.

ఇద్దరు కలిసి వదిలిన్రు. ఒకరి జేబులు ఒకరు చూసుకునెటోళ్లు. అరచెయ్యి వాసన చూపించుమనుకునెటోళ్లు. నడుమల ఒకసారి కల్లు దుకాణం ముంగట ఇద్దరూ ఒకరికొకరు తెలువకుంట ఎదురుపడి, సిగ్గుపడి, ఖాళీ సీసలు కొనేటందుకు వచ్చినమని ఒకరికొకరు అబద్ధమాడుకొని వెనక్కి మళ్లిన్రు.

కొన్ని వారాలకు పరశురాములుకు అన్నం రుచి తెలిసింది. చలికాలం మొదలయ్యేసరికి ఒక పొద్దుగాల మెలకువొచ్చి, దుప్పటి కింద తన ఒళ్లు తనకే కొత్తగ తోచి, చాలాసేపు కదలకుంట పండుకున్నడు. కదిలితే పోతదేమోనని. అది రోజూ రాలే. వారంల ఒకనాడు, తర్వాత రెండునాళ్లు. ఎవరికి చెప్పుకోవాలె? పక్కన జాగా ఖాళీగ ఉన్నది.

మొగిలయ్యకు రాలే. పిక్కల నొప్పి తగ్గింది, దగ్గు తగ్గింది, అది మాత్రం రాలే. డాక్టరు కాక పాదాల మీద నాడి వెదికి తల అడ్డంగ ఊపిండు. “గొట్టాలు గట్టిపడ్డయ్ పెద్దమనిషీ, నరాలు గూడ దెబ్బతిన్నయ్. ఆలస్యమైంది. అయినా మళ్ల ముట్టకు. కాళ్లల్ల పూడినయంటే గుండెల గూడ పూడుతున్నట్టే, వదిలితే పానం నిలుస్తది.” బయటికొచ్చి మొగిలయ్య అన్నడు. “పానం నిలుస్తదట. అది నిలువమని వచ్చిననా?” ఇద్దరూ నవ్విన్రు. కాక మొఖం నవ్వలే.

ఒళ్లు తేరుకున్న కొడుకును చూసి లసుమవ్వ తంగళ్ళపల్లి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది. కొడుకు అప్పుడన్న ఆగుమనొచ్చు. కోరుట్ల పోయి తెచ్చుకుంటననొచ్చు. తెచ్చుకోవాలంటే ముందు చాప మీద చెప్పాలె, తప్పు నాదని. పరశురాములు రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే పెండ్లిపీట మీద కూసున్నడు. నీల మంచి పిల్ల. ఏడాది తిరగకముందే మొగపిల్లగాడు పుట్టిండు.

పురుడు నాడు వాడకట్టంత వచ్చింది. “చూసిన్రా,” అన్నది లసుమవ్వ మనుమణ్ని ఎత్తి పట్టుకొని, “లోపం ఎవరిదో ఇప్పుడు తెలిసిందా? నా కొడుకు మీద నింద ఏసి పోయింది, ఆ గొడ్డుది!” ఆడోళ్లంత అవునవును అన్నరు. పరశురాములు పిల్లగాని దిక్కు చూసిండు. ఆయన ఒళ్లు బాగైంది. బాగైన ఒళ్లే వచ్చి ఆమె మీద సాక్ష్యం చెప్తున్నది.

తెల్లారి కోరుట్ల పోయిండు. ఊర్మిల అన్న ఇంటి అరుగు మీద కూసుండి బీడీలు చేస్తున్నది. ఒళ్లె చాట. తల ఎత్తింది, చేతులు ఆగలే.

“కొడుకు పుట్టిండట,” అన్నది.

“నీకెట్ల తెలుసు?”

“సిరిసిల్ల నుంచి బీడీల కార్ఖానకు వచ్చెటోళ్లు మొఖం మీదనే చెప్పిన్రు. మా వదిన గూడ చెప్పింది. మంచిగ చెప్పింది.”

“తంబాకు బంద్ చేసిన. కల్లు గూడ. డాక్టర్ చెప్పిండు, దానితోనే...”

“డాక్టర్ చెప్పిండా?” అన్నది ఊర్మిల. ఆకు కత్తిరించింది. తంబాకు పోసింది. “నేను చెప్తే డాక్టర్నయిన అంటివి.”

పరశురాములు అరుగు కింద నిలబడ్డడు. “తప్పు నాది. చెప్పిపోదామని వచ్చిన.”

“నాకెందుకు? నాకు తెలువదా? నాతోని రెండేండ్లు గోడ దిక్కు తిరిగి పండుకున్నది నువ్వే గదా.” దారం పండ్లతోని తెంపింది. “బుచ్చయ్య మామకు చెప్పు. ఆ చాప మీద చెప్పు. నాకు సంబంధాలొస్తున్నయ్, గొడ్రాలట అని వెనక్కి పోతున్నయ్. నీ ముచ్చట అక్కడ చెప్తే నాకు అక్కరకొస్తది. ఇక్కడ చెప్తే నీకు పానం తేలికైతది, అంతే.”

చెప్పిండు. ఈసారి ఆగలే. ఆ వారమే కులసంఘం కూడింది. చాప మీద అందరి నడుమ నిలబడి, నోట్లె ఏమీ లేకుంట, సాంచెల మీద అరిచినంత గట్టిగ చెప్పిండు. తంబాకుతోని, సారాతోని నాకు మొగతనం పోయింది. ఊర్మిలల ఏ లోపం లేదు. ఆనాడు నేను నోరు తెరవలే. వదిలినంక డాక్టర్ చెప్పినట్టే తిరిగొచ్చింది. ఆ పిల్ల మీద పడ్డ పేరు తియ్యున్రి.

బుచ్చయ్య లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసిండు. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టుకున్నడు.

“ఎంత మంచోనివిర పరశా. తోలేసిన ఆడదాని మీద గూడ ఇంత దయా? ఆమె బతుకు బాగుపడాలని నీ మొగతనం మీద నువ్వే మన్ను పోసుకుంటున్నవా?”

“కాదు మామా, నిజం. మొగిలయ్య కాకను అడుగున్రి, కలిసే వదిలినం...”

“మొగిలయ్య గూడ వదిలిండు గదా,” అన్నడు ఒకడు మూల నుంచి. “ఆయనకు రాలేదట గద. తంబాకు వదిలితే వచ్చేదైతే ఆయనకెందుకు రాలే?”

చాపంత నవ్వింది. మొగిలయ్య తల దించుకున్నడు.

“వయసు వేరు, ఒళ్లు వేరు! ఆయనకు గొట్టాలు గట్టిపడ్డయ్, నాకు కాలే,” అని పరశురాములు అంటనే ఉన్నడు. అప్పటికే బుచ్చయ్య ఛాయ్ తెప్పిస్తున్నడు. ఇంట్ల ఊయల ఊగుతుంటే ఎవరు నమ్ముతరు?

పది రోజులకు మొగిలయ్య కోరుట్ల పోయొచ్చి చెప్పిండు. బుచ్చయ్య ఊర్మిల అన్నకు కబురు పంపిండట. మీ చెల్లె చేసుకున్న పుణ్యం, అసొంటి మొగడు దొరకడు, తనమీద నింద ఏసుకొని మరీ ఆమెను కాపాడజూసిండు, ఇప్పుడన్న ఆమె తప్పు ఒప్పుకొమ్మను అని. బీడీల కార్ఖానల ఆడోళ్లు రోజూ అదే ముచ్చటట. “నీ మొగడు దేవుడే ఊర్మిలా,” అంటున్నరట.

“ఆమె ఏమన్నది కాకా?”

మొగిలయ్య సోంపు గింజలు అరచేతుల పోసి, అలవాటు కొద్ది బొటనవేలుతోని నలిపిండు.

“ఏమంటది? వాళ్లతోని పాటు చాట ముంగటేసుకొని కూసుంటున్నది. అవునక్క అంటున్నదట.”